విలోమం సరైనదేనా? రెండు వైపులా చూడాల్సిందే

సెల్సియస్ డిగ్రీలను ఫారన్‌హీట్‌లోకి మార్చాలంటే 9/5తో గుణించి 32 కలుపుతాం. తిరిగి సెల్సియస్‌కు రావాలంటే చివర చేసిన పనిని ముందు విప్పాలి: 32 తీసేసి, ఆ తర్వాత 5/9తో గుణించాలి. 98.6లో 32 పోతే 66.6, దానికి 5/9 కడితే 37. ఈ వరుస మార్చి ముందు గుణించి తర్వాత 32 తీసేస్తే సుమారు 22.8 వస్తుంది. మనిషి ఒంటి వేడి అంత తక్కువ ఉండదు కాబట్టి తప్పు వెంటనే దొరికిపోతుంది. ఇలా ఒక ప్రమేయం చేసినదంతా విప్పేసేదే దాని విలోమ ప్రమేయం.

తప్పు అంత తేలిగ్గా దొరకని లెక్కలూ ఉన్నాయి. f(x) = x² − 4x + 5 తీసుకుందాం. దీని విలోమం కావాలంటే f(x)ను y అనుకుని, xను yలో రాబట్టాలి. వర్గం పూర్తిచేస్తే y = (x − 2)² + 1. ఒకటి తీసేసి వర్గమూలం తీసుకుంటే x = 2 ± √(y − 1). ఇక్కడ చాలామంది ప్లస్ గుర్తు ఒక్కటే ఉంచుకుని g(y) = 2 + √(y − 1) అని రాసి, లెక్క అయిపోయిందనుకుంటారు.

సరిచూద్దాం. ముందు g, తర్వాత f వాడితే f(g(y)) = (√(y − 1))² + 1 = y. 1 గానీ అంతకన్నా పెద్దది గానీ అయిన ఏ yకైనా ఇది నిజమే. ఇక్కడితో ఆగితే మోసపోతాం. ఇప్పుడు ముందు f, తర్వాత g వాడి చూడండి. x = 0 అయితే f(0) = 5, g(5) = 4. సున్నాతో బయల్దేరి నాలుగుకు చేరాం! f(4) కూడా 5 కావడమే కారణం. 5 చేతికొచ్చాక అది సున్నా నుంచి వచ్చిందో, నాలుగు నుంచి వచ్చిందో చెప్పే దారి లేదు. వర్గమూలం తీసినప్పుడు √((x − 2)²) అంటే |x − 2| అవుతుంది తప్ప, ఎప్పుడూ x − 2 కాదు.

సరిదిద్దాలంటే f ప్రదేశాన్ని కుదించాలి. x ≥ 2 అని కట్టడి చేస్తే |x − 2| = x − 2 అవుతుంది, రెండు వరుసలూ కుదురుతాయి. x ≤ 2 ఎంచుకుంటే విలోమం 2 − √(y − 1).

క్యాలిక్యులేటర్లోనూ ఇదే కట్టడి ఉంది. డిగ్రీల్లో పెట్టి sin 150 నొక్కితే 0.5 వస్తుంది, దానికి sin⁻¹ నొక్కితే 150 కాదు, 30 వస్తుంది. ఆ బటన్ −90 నుంచి 90 డిగ్రీల మధ్య కోణాన్నే ఇస్తుంది.

రెండు వరుసలూ పట్టుకునే లోపాలు వేరు. g(f(x)) = x అయితే, రెండు వేర్వేరు xలకు ఒకే విలువ రాలేదని అర్థం. f(g(y)) = y అయితే, ఎంచుకున్న ప్రతి y విలువకూ f చేరుతోందని అర్థం. మొదటిది అన్వేకం, రెండోది సంగ్రస్తం. f ఈ రెండూ అని ముందే తెలిస్తే ఒక్క వరుస చూస్తే చాలు. తెలియకపోతే రెండూ చూడాల్సిందే.