మధ్యాహ్నం పద్నాలుగు, తెల్లవారితే ఒకటి

భీమవరం వైపు ఒక ఊళ్లో చెరువుంది. ఒకప్పుడు ఊరంతా ఆ నీళ్లే తాగారు. ఇప్పుడు నాలుగు వీధుల మురుగు అందులోకే పోతోంది. నీళ్లు చిక్కగా, ఆకుపచ్చగా ఉంటాయి. చెయ్యి ముంచితే మోచేయి దాకా కూడా మునగకముందే వేళ్లు కనిపించవు. ఆ ఊరి అమ్మాయి ఒకతె డిగ్రీ రెండో ఏడాది కెమిస్ట్రీ ప్రాజెక్టుకు ఈ చెరువునే తీసుకుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో కొలవాలి. చూడగానే తెలిసిపోతోంది గనక ఫలితం లీటరుకు రెండో మూడో మిల్లీగ్రాములు వస్తుందని, ‘చెరువు కలుషితమైంది’ అని రాసి ముగించెయ్యొచ్చని ఆమె లెక్క. ఇది కల్పించిన కథే. అయితే ఇందులోని అంకెలు ఎండ బాగా కాసే ఏ పచ్చని చెరువు గట్టున కొలిచినా ఇంచుమించు ఇలాగే వస్తాయి.

పరీక్ష పాతదే. లాయోష్ వింక్లర్ అనే హంగరీ రసాయన శాస్త్రవేత్త 1888లో కనిపెట్టాడు, కాలేజీ ల్యాబుల్లో నేటికీ అదే. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీటిలో ముంచి, గాలి బుడగ లేకుండా నింపి మూత పెట్టాలి. అందులో రెండు మిల్లీలీటర్ల మాంగనస్ సల్ఫేట్, తర్వాత రెండు మిల్లీలీటర్ల క్షార అయొడైడ్ అజైడ్ ద్రావణం వెయ్యాలి. పిపెట్ కొన నీటి లోపల ఉండాలి. పైనుంచి చుక్కలుగా వదిలితే వాటితో పాటు గాలీ దిగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి ఏర్పడి అడుగుకు దిగుతుంది. అసలేమీ లేకపోతే మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. అంటే అంకె తెలియకముందే రంగు సగం కథ చెప్పేస్తుంది. ఆపైన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మడ్డి కరిగి నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆక్సిజన్ ఎంత ఉంటే అంత అయొడిన్ విడుదలైందన్న మాట. అందులో 200 మిల్లీలీటర్లు తీసుకుని, 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌ను బ్యూరెట్ నుంచి వదులుతూ పోవాలి. రంగు పలచబడ్డాక స్టార్చ్ వేస్తే నీలం వస్తుంది, ఆ నీలం పోయిన చోట ఆగాలి. ఈ కొలతల్లో ఒక సౌకర్యముంది: బ్యూరెట్‌లో ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయితే లీటరు నీటిలో అన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్.

మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె గట్టు మీదే సీసా నింపి, మొదటి రెండు ద్రావణాలూ అక్కడే వేసింది. మడ్డి ముదురు గోధుమరంగులో దిగింది. ల్యాబుకు తెచ్చి టైట్రేషన్ చేస్తే రెండు దాటింది, ఏడు దాటింది, పది దాటింది. నీలం పోయింది 14.2 దగ్గర.

పుస్తకం వెనకున్న పట్టిక చూస్తే 32 డిగ్రీల వేడి నీటిలో కరగగల ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.3 మిల్లీగ్రాములు. మురుగు చెరువులో దానికి రెట్టింపు. ఆమెకు తోచిన అర్థం ఒకటే, ఎక్కడో తప్పు జరిగింది.

ఆమె మేడమ్ ఆ కాగితాన్ని కొట్టెయ్యలేదు. ‘‘తప్పు అనుకుంటే ఏ తప్పో చెప్పు. ఆ తప్పు వల్ల అంకె పెరుగుతుందా తగ్గుతుందా, ఎంత?’’ అన్నారు. మన కాలేజీల్లో ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. ‘వాల్యూ రాలేదు, మళ్లీ చెయ్’ అనడమో, పక్క బెంచీ రికార్డు చూసి దిద్దుకోమనడమో ఎక్కువ.

మొదటి అనుమానం సీసాలో బుడగ. ఇది అంకెను పెంచే తప్పే. బుడగలోని ఆక్సిజన్‌ను కూడా ఆ మడ్డి పీల్చుకుంటుంది. అయితే ఏడును పద్నాలుగు చెయ్యాలంటే ఏడెనిమిది మిల్లీలీటర్ల గాలి కావాలి. ఒకటిన్నర చెంచా ఖాళీ మూత కింద కనిపించకుండా ఉండదు. రెండో అనుమానం థయోసల్ఫేట్. ఈ ద్రావణం నిలవుంటే బలం తగ్గుతుంది, బలం తగ్గితే ఎక్కువ పోయాల్సి వస్తుంది, అంకె ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. దాన్ని పొటాషియం డైక్రోమేట్‌తో సరిచూశారు. 20 మిల్లీలీటర్లు పట్టాల్సిన చోట 20.4 పట్టింది. ఆ కాస్త తేడా సవరిస్తే 14.2 కాస్తా 13.9 అయింది. మురుగులో ఉండే నైట్రైట్ కూడా అంకెను పెంచగలదు, కానీ దాన్ని అడ్డుకోవడానికే ద్రావణంలో అజైడ్ ఉంది. ఇక మిగిలింది చెరువు నిజమే చెబుతోందని ఒప్పుకోవడం.

దీనికి రెండో సాక్షి ఆమె నోట్సులోనే ఉంది. అదే సీసాతో పాటు కొలిచిన పీహెచ్ 9.3. సబ్బు నీళ్లంత క్షారం. మురుగు కలిసిన నీళ్లకు ఇంత పీహెచ్ ఎందుకుండాలి? కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కొంచెం ఆమ్లంగా మారుతుంది. దాన్ని ఎవరో గుంజేసుకుంటే పీహెచ్ పైకి పోతుంది. గుంజుకునేది ఆ పచ్చదనమే. చెరువును ఆకుపచ్చగా చేసేవి కంటికి విడిగా కనిపించని శైవలాలు. మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ వాటికి ఎరువు. ఎండలో అవి కార్బన్ డయాక్సైడ్ తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి. పట్టికలోని 7.3 అనేది గాలితో సర్దుకున్న నీటి లెక్క, గాలిలో ఆక్సిజన్ ఉన్నది అయిదో వంతే. ఇక్కడ ఆక్సిజన్ గాలి నుంచి రావడం లేదు, నీటి లోపలే పుడుతోంది. పుట్టినంత వేగంగా పైకి పోలేక గోలీసోడాలో గ్యాస్‌లా నీటిలోనే ఇరుక్కుని ఉంటుంది.

ఇక్కడితో ఆగి ఉంటే ప్రాజెక్టు ఇంకా పెద్ద తప్పుతో ముగిసేది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడకాన్ని బట్టి వర్గాలుగా విడదీసింది. స్నానానికి పనికొచ్చే నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు, చేపల పెంపకానికి కనీసం 4 ఉండాలి. ఈ ఒక్క కొలతే చూస్తే 13.9 ఉన్న మురుగు చెరువు అన్నిటికంటే పై వర్గానికి కూడా అర్హమే!

దారి చూపింది మేడమ్ కాదు, చేపల చెరువులున్న ఆమె బాబాయ్. అంకె విని నవ్వాడు.

‘‘మధ్యాహ్నం డీఓ ఎవరు చూస్తారే? నాలుగింటికి లేచి చూడు.’’

‘‘చీకట్లోనా బాబాయ్?’’

‘‘చేపలు తేలేది అప్పుడేగా. మేం ఏరియేటర్లు రాత్రిళ్లు తిప్పేది సరదాకా?’’

మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకు, సూర్యుడు రాకముందు, అదే గట్టు మీద అదే చోట సీసా నింపింది. ఈసారి మడ్డి ముదురు గోధుమరంగులో దిగలేదు. పాలలో రెండు చుక్కల టీ పడ్డట్టు పలచగా, దాదాపు తెల్లగా కనిపించింది. కొత్తగా కలిపిన థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ 1.4 దగ్గరే ఆగిపోయింది. పీహెచ్ 7.5. పక్కన చిన్న చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి.

శైవలాలు పగలు ఆక్సిజన్ తయారు చేస్తాయని అందరూ చదువుకున్నాం. అవి రాత్రీ పగలూ ఊపిరి కూడా పీలుస్తాయన్నది పరీక్ష అయ్యాక మరిచిపోతాం. ఎంత పీలుస్తాయో ఆమె కొలిచింది, రెండు సీసాలతో. ఉదయం తొమ్మిదికి నీళ్లలో ఆక్సిజన్ 4.2. అదే నీటితో ఒక సీసాను మామూలుగా నింపింది, రెండోదానికి వెలుతురు చొరకుండా అల్యూమినియం రేకు చుట్టింది. రెండిటినీ కర్రకు కట్టి జానెడు లోతున మూడు గంటలు వేలాడదీసింది. మధ్యాహ్నం పన్నెండుకు వెలుతురు సీసాలో 9.6, చీకటి సీసాలో 1.8. చీకట్లో మూడు గంటలకు 2.4 తగ్గింది, అంటే గంటకు 0.8 ఖర్చు. వెలుతురులో 5.4 పెరిగింది, అంటే ఖర్చు పోగా గంటకు 1.8 మిగులు. రెండూ కలిపితే శైవలాలు నిజంగా తయారు చేస్తున్నది గంటకు 2.6.

సాయంత్రం ఆరుకు 13 ఉందనుకుందాం. తయారీ ఆగిపోయింది, ఖర్చు ఆగలేదు. గంటకు 0.8 చొప్పున పదకొండున్నర గంటలకు 9.2 పోతుంది. తెల్లవారేసరికి దాదాపు 4 మిగలాలి. ఉన్నది 1.4. తక్కిన రెండున్నర ఏమైంది? సీసాలో లేనిది, చెరువులో ఉన్నది అడుగు బురద. కుళ్లే చెత్తను తినే బ్యాక్టీరియా అక్కడే ఎక్కువ. పైగా సాయంత్రం నీళ్లలో పట్టకుండా ఉన్న ఆక్సిజన్‌లో కొంత గాలిలోకి ఎగిరిపోయింది. ఏది ఎంతో ఈ రెండు సీసాలు చెప్పలేవు. ఆ మాట ఆమె రిపోర్టులో రాసింది.

మరో సంగతి కూడా దీంతోనే తేలిపోయింది. గట్టు మీద మొదటి రెండు ద్రావణాలూ వెయ్యకుండా సీసాను సంచిలో పెట్టుకుని మూడు గంటల తర్వాత ల్యాబులో మొదలుపెడితే, చీకటి సంచిలో 2.4 మిల్లీగ్రాములు దారిలోనే ఖర్చయిపోతాయి. నీళ్ల సీసా నింపి పంపితే చాలనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన అంకె ఇది.

బాబాయ్ లాంటి రైతుల భయమంతా మబ్బు రోజుల గురించి. రెండు మూడు రోజులు ముసురు పడితే పగటి తయారీ పడిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. 1.4 మీద నిలబడ్డ చెరువు సున్నాకు దిగుతుంది. బొచ్చె, శీలావతి ముందు తేలతాయి. కొర్రమీను నేరుగా గాలి పీల్చుకోగలదు గనక తట్టుకుంటుంది. ఊరి చెరువులో చేపలు ఒక్క రాత్రిలో చచ్చి తేలితే ఎవరో మందు కలిపారని కేసు దాకా వెళ్తుంటారు. కలిపి ఉండొచ్చు కూడా. కానీ ముందు అడగాల్సింది అంతకు ముందు రోజు ఎండ కాసిందా, చేపలు తేలింది తెల్లవారుజామునా, బతికినవి గాలి పీల్చే రకాలేనా అని. ఆ తర్వాత మధ్యాహ్నం ఎవరో వచ్చి నీళ్లు తీసుకెళ్తే రిపోర్టులో ఆక్సిజన్ పుష్కలంగా ఉందనే వస్తుంది.

ఆ అమ్మాయి చివరికి రాసిన రిపోర్టులో ఒక అంకె బదులు రెండున్నాయి, ప్రతి అంకె పక్కనా గంట రాసి ఉంది. చెరువు కలుషితమైందన్న మొదటి మాట కొట్టెయ్యలేదు. ఆక్సిజన్ తక్కువ ఉండటం ఒక్కటే కాదు, పగలు మరీ ఎక్కువ ఉండటం కూడా మురుగు గుర్తేనని దాని కింద చేర్చింది. మీ ఊరి చెరువు నీటి పరీక్ష కాగితం ఎప్పుడైనా చేతికొస్తే, కరిగిన ఆక్సిజన్ అంకె పక్కన నీళ్లు తీసిన సమయం రాశారో లేదో చూడండి. రాయకపోతే, తెల్లవారుజామున మరోసారి తీయమని అడగండి.