జన్యు వ్యక్తీకరణను నియంత్రించే మైక్రో ఆర్.ఎన్.ఎ., ఆర్.ఎన్.ఎ. జోక్యం: తొలి పరిచయం

పెటూనియా పూల ఊదా రంగును మరింత గాఢం చేయాలన్న ఉద్దేశంతో అమెరికా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేసి, 1990లో దాని ఫలితాలను ప్రకటించారు. పూల రంగు తయారీకి చాల్కోన్ సింథేజ్ అనే ఎంజైము అవసరం. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు ప్రతిని వారు మొక్కలలో అదనంగా ప్రవేశపెట్టారు. రంగు పెరగవలసింది పోయి, అనేక మొక్కలు తెల్లని పూలను, తెలుపు ఊదా కలిసిన పూలను పూశాయి. కొత్తగా చేర్చిన జన్యువుతో పాటు మొక్కలో సహజంగా ఉన్న జన్యువు కూడా మూగబోయింది. దాని సందేశ ఆర్.ఎన్.ఎ. పరిమాణం సుమారు 50 రెట్లు తగ్గింది.

జన్యువులోని సమాచారం మొదట సందేశ ఆర్.ఎన్.ఎ.గా నకలు అవుతుంది. ఆ సందేశాన్ని బట్టి కణం ప్రోటీనును తయారు చేస్తుంది. పెటూనియాలో జన్యువు చెడిపోలేదు, నకలు తీయడమూ ఆగలేదు. తయారైన సందేశం ప్రోటీనుగా మారకముందే నాశనమవుతోందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఈ నాశనానికి కారణమైన ప్రక్రియనే ఆర్.ఎన్.ఎ. జోక్యం అంటున్నాము.

సందేశాన్ని గుర్తించేది ఎవరు?

సందేశ ఆర్.ఎన్.ఎ. ఒంటిపోచ అణువు. ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాలతో ఏర్పడుతుంది. ఎ అక్షరం యు తోనూ, జి అక్షరం సి తోనూ జతకడతాయి. ఒక పోచకు సరిగా జతకట్టగల మరో పోచ లభిస్తే రెండూ కలిసి జంటపోచ ఆర్.ఎన్.ఎ. అవుతుంది. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో 1998లో ఒక నులిపురుగులో ఇటువంటి జంటపోచను ప్రవేశపెట్టి, ఒంటిపోచలకంటే అది ఎంతో సమర్థంగా జన్యువును మూగబుచ్చుతుందని చూపారు. వారికి 2006లో నోబెల్ బహుమతి లభించింది.

కణంలో జరిగే పని మూడు దశలలో సాగుతుంది. మొదట డైసర్ అనే ఎంజైము పొడవైన జంటపోచను సుమారు 21 అక్షరాల ముక్కలుగా కత్తిరిస్తుంది. తరువాత ఆ ముక్కలోని ఒక పోచను ఆర్గొనాట్ అనే ప్రోటీను తనలో ఇముడ్చుకుని, రెండవ పోచను విడిచిపెడుతుంది. చివరగా, ఇముడ్చుకున్న పోచతో జతకట్టగల సందేశం తారసపడినప్పుడు ఆర్గొనాట్ దానిని కత్తిరిస్తుంది. కత్తిరించేది ప్రోటీనే అయినా, ఏ సందేశాన్ని కత్తిరించాలో నిర్ణయించేది అందులోని చిన్న ఆర్.ఎన్.ఎ.

మైక్రో ఆర్.ఎన్.ఎ.: మొక్క సొంత ఏర్పాటు

పై యంత్రాంగానికి జంటపోచ వైరస్ నుంచో, శాస్త్రవేత్త చేతినుంచో రావచ్చు. మైక్రో ఆర్.ఎన్.ఎ. మాత్రం జీవి సొంత జన్యువులలోనే పుడుతుంది. ఆ జన్యువు నుంచి వెలువడిన ఒంటిపోచ తనపై తానే మడతపడి తలపిన్ను ఆకారం పొందుతుంది. డైసర్ కుటుంబపు ఎంజైములు దానిని కత్తిరించి చిన్న ఆర్.ఎన్.ఎ.ను విడుదల చేస్తాయి. మొదటి మైక్రో ఆర్.ఎన్.ఎ.ను 1993లో నులిపురుగులో గుర్తించారు. అందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి దక్కింది.

జంతువులలో మైక్రో ఆర్.ఎన్.ఎ. తన లక్ష్యంతో పాక్షికంగానే జతకడుతుంది. మొక్కలలో ఈ జత దాదాపు సంపూర్ణంగా ఉంటుంది. అందువలన మొక్కలలో ఒక్క అక్షరం తేడా కూడా పెద్ద ఫలితాన్ని ఇవ్వగలదు. ఇందుకు వరి మంచి ఉదాహరణ.

వరిలోని ఎస్.పి.ఎల్.14 జన్యువు మొక్క ఆకృతిని నిర్ణయించే ప్రోటీనును తయారు చేస్తుంది. ఈ ప్రోటీను పెరిగితే పిలకలు తగ్గుతాయి, కాండం లావెక్కుతుంది, కంకిలో కొమ్మలు పెరుగుతాయి. సాధారణ వరిలో 20 అక్షరాల మైక్రో ఆర్.ఎన్.ఎ. 156 ఈ జన్యువు సందేశానికి జతకట్టి ప్రోటీనును అదుపులో ఉంచుతుంది. ఈ మైక్రో ఆర్.ఎన్.ఎ.ను కృత్రిమంగా పెంచినప్పుడు మొక్క పొట్టిగా మారి అసంఖ్యాకంగా పిలకలు తొడుగుతుంది.

చైనా శాస్త్రవేత్తలు 2010లో వివరించిన ఒక వరి రకంలో, మైక్రో ఆర్.ఎన్.ఎ. 156 జతకట్టే చోట సి అక్షరం స్థానంలో ఎ ఉంది. అక్కడ జత సరిగా కుదరదు. అందువలన సందేశం తప్పించుకుంటుంది, ప్రోటీను పెరుగుతుంది. ఫలితంగా పిలకలు తక్కువ, కాండం దృఢం, కంకికి గింజలు ఎక్కువ. అయితే ప్రోటీను మితిమీరితే పిలకలు మరీ తగ్గి, కంకులలో పెరిగిన గింజలు ఆ లోటును పూడ్చలేవు. కాబట్టి ఇక్కడ ప్రజననకారునికి కావలసింది నియంత్రణను పూర్తిగా తొలగించడం కాదు, దానిని తగినంత సడలించడం.

పురుగుపై ప్రయోగిస్తే

పురుగుకు అత్యవసరమైన జన్యువుతో సరిపోలే జంటపోచను ఆహారంతో తినిపిస్తే, దాని కణాలలోనూ ఇదే కత్తిరింపు జరుగుతుంది. అమెరికాలో మొక్కజొన్న వేళ్లను తినే పెంకు పురుగు జాతి లార్వాలపై 2007లో ఇది రుజువైంది. ఆ తరువాత 240 జతల పొడవున్న జంటపోచను తయారుచేసే మొక్కజొన్న వాణిజ్య సాగులోకి వచ్చింది. ఈ పురుగు విషయంలో ముందే ముక్కలు చేసిన 21 అక్షరాల ఆర్.ఎన్.ఎ.ను తినిపిస్తే ప్రయోజనం ఉండదు. సుమారు 60 జతలు, అంతకు మించిన పొడవు ఉంటేనే పేగు కణాలు దానిని సమర్థంగా గ్రహిస్తాయి.

పెంకు పురుగులలో లభించిన ఈ ఫలితాన్ని మన పొలాలలోని శనగపచ్చ పురుగుకు, పొగాకు లద్దె పురుగుకు నేరుగా అన్వయించరాదు. ఇవి రెక్కల పురుగుల జాతివి. వీటి లార్వాల పేగులో జంటపోచను విచ్ఛిన్నం చేసే ఎంజైములు చురుకుగా ఉంటాయి. వాటిని తప్పించుకుని కణంలోకి చేరినది కూడా చాలావరకు సూక్ష్మ సంచులలోనే చిక్కుకుపోయి డైసర్‌కు అందదు. కాబట్టి జన్యువును ఎంత సరిగా ఎంచుకున్నా ఫలితం బలహీనంగా, ప్రయోగానికి ప్రయోగానికి మారుతూ కనిపిస్తుంది. మరొక పరిమితి నిరోధకత. ప్రయోగశాలలో ఎంపిక చేసిన మొక్కజొన్న వేరు పురుగులు జంటపోచను గ్రహించడమే మానుకున్నాయి. ఇటువంటి పురుగులపై మరో జన్యువును లక్ష్యంగా చేసుకున్న జంటపోచ కూడా పనిచేయదు.

నిజంగా జోక్యమే జరిగిందా?

పురుగులు చనిపోయినంత మాత్రాన ఆర్.ఎన్.ఎ. జోక్యం జరిగినట్లు కాదు. మొదట, ఆ పురుగులో లేని జన్యువుకు చెందిన జంటపోచను అదే మోతాదులో మరో గుంపుకు తినిపించాలి. ఆ గుంపులోనూ మరణాలు అదే స్థాయిలో ఉంటే కారణం వేరొకటి. రెండవది, మరణానికి ముందే లక్ష్య సందేశ పరిమాణాన్ని కొలిచి, అది తగ్గిందో లేదో చూడాలి. పురుగులో అప్పటికే ఉన్న ప్రోటీను తరిగిపోవడానికి సమయం పడుతుంది గనుక మరణం కొన్ని రోజుల తరువాతనే కనిపిస్తుంది. కొన్ని గంటలలోనే పురుగులు చనిపోతే మందులో కలిపిన ఇతర పదార్థాలను అనుమానించాలి.

మొక్కలలో మైక్రో ఆర్.ఎన్.ఎ. లక్ష్యాన్ని నిర్ధారించడానికి మరింత ప్రత్యక్షమైన ఆధారం ఉంది. మైక్రో ఆర్.ఎన్.ఎ.లోని 10, 11వ అక్షరాలకు ఎదురుగా ఉన్న చోటనే సందేశం తెగుతుంది. తెగిన సందేశం కొసను చదివినప్పుడు కోత సరిగ్గా అక్కడే కనిపిస్తే, ఆ సందేశాన్ని తుంచినది ఆ మైక్రో ఆర్.ఎన్.ఎ.యే అనడానికి అది బలమైన ఆధారం. కంప్యూటరు సూచించిన లక్ష్యాల జాబితా ఎంత పొడవుగా ఉన్నా, ఈ ఆధారం లభించేవరకు అది ఊహాగానమే.