పుట్టినరోజు శుభాకాంక్షల్లో బిల్లు మాట

జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. ఒక మందుల కంపెనీ దాని పెద్ద ఖాతాదారు. ఆ కంపెనీ పర్చేజ్ మేనేజర్ పుట్టినరోజు రేపు. యూనిట్ యజమాని రాత్రి కూర్చుని వాట్సాప్‌లో ఇలా రాసుకున్నాడు:

"నమస్తే సర్. జన్మదిన శుభాకాంక్షలు. మీరు, మేడమ్ గారు, పిల్లలు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. మీరు మాకు దేవుడితో సమానం. మన వ్యాపార బంధం ఇలాగే కొనసాగాలి. మార్చి బిల్లు కూడా కాస్త చూడండి సర్."

రాసిన మనిషి మంచివాడే. కానీ ఆ చివరి వాక్యం చదవగానే ముందున్న నాలుగు మాటలూ దానికోసమే రాసినట్టు అయిపోతాయి. "బంధం కొనసాగాలి" అన్నదీ అంతే. ఆర్డర్లు ఆపొద్దని మర్యాదగా అడగడమే అది. శుభాకాంక్షల్లో ఏ కోరికా ఉండకూడదు, చాటుగానైనా సరే.

"దేవుడితో సమానం" సంగతి వేరు. ధరా నాణ్యతా చూసి సరుకు ఎవరి దగ్గర కొనాలో తేల్చడం ఆ మేనేజర్ ఉద్యోగం. పక్క సీటాయన ఆ ఫోను తెరమీద ఈ మాట చూస్తే ఏమనుకుంటాడు? మన పొగడ్త ఆయనకు చిక్కు తెచ్చిపెడుతుంది. నేనైతే ఒకటే పరీక్ష పెట్టుకుంటాను: ఈ సందేశాన్ని ఆయన పైఅధికారి చదివినా ఆయనకు ఇబ్బంది ఉండకూడదు.

ఇంట్లోవాళ్ళ ప్రస్తావన కూడా తీసేయాలి. ఆయన తనంతట తాను ఎప్పుడూ ఇంటి సంగతులు చెప్పకపోతే, మనం ఫేస్‌బుక్‌లో చూసి రాశామని తెలిసిపోతుంది. ఆ ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయారని తెలిస్తే అసలు సందేశమే వద్దు. మన ఇళ్ళలో చాలాచోట్ల ఏడాది తిరిగేదాకా వేడుకలు చేసుకోరు.

ఇంతకీ ఆ తేదీ మనకెక్కడిది? ఒకసారి కాగితాల్లో ఉన్న తేదీ చూసి ఒక పెద్దాయనకు నేను శుభాకాంక్షలు పంపాను. ఆయన ఫోన్ చేసి నవ్వారు. "అది బళ్ళో మాస్టారు వేసిన పుట్టినరోజయ్యా. నేను పుట్టింది దసరాల్లో." ఆ తరంలో ఇలాంటివారు చాలామంది. తేదీ తప్పడం కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మరొకటి: ఖాతా తెరవడానికి ఆయనిచ్చిన కాగితాన్ని నేను ఇంకో పనికి వాడాను. ఏ పనికి ఇచ్చిన వివరాన్ని ఆ పనికే వాడాలన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని ముఖ్య సూత్రం. ఆయన నోటివెంట విన్న తేదీ అయితేనే పంపండి.

ఇన్ని తీసేశాక మిగిలేది ఒక్క "శుభాకాంక్షలు". అదొక్కటే పంపినా తప్పు లేదు. కానీ అలాంటివి ఆయనకు ఆ రోజు బోలెడు వస్తాయి. మన సందేశం గుర్తుండాలంటే పనిలో ఇద్దరికీ తెలిసిన ఒక నిజం అందులో ఉండాలి. మన యజమాని గుర్తుచేసుకుంటే అలాంటిది దొరికింది. పోయిన వానాకాలంలో గాలిలో తేమకు అట్ట మెత్తబడి, ఒకదానిమీద ఒకటి పేర్చిన పెట్టెల్లో అడుగువి కుంగిపోయాయి. మేనేజర్ సరుకు తిప్పి పంపి ఊరుకోలేదు. షెడ్డుకొచ్చి, లోడు ఎక్కించేముందు తేమ కొలవమని చెప్పారు. మళ్ళీ రాసిన సందేశం ఇది:

"నమస్తే సర్. పుట్టినరోజు శుభాకాంక్షలు. పోయిన వానాకాలంలో మీరు షెడ్డుకొచ్చి చెప్పినప్పటినుంచి ప్రతి లోడుకీ తేమ కొలుస్తున్నాం. ఈ ఏడాదంతా మీరు ఆరోగ్యంగా, హాయిగా ఉండాలి."

ఇది ఇంకెవరికీ పంపలేని సందేశం. ఇందులో ఉన్నది పొగడ్త కాదు, జరిగిన సంగతి. మాటలు మొదటిదానికంటే తక్కువే.

దీన్ని అర్ధరాత్రి పన్నెండింటికి పంపొద్దు, అది స్నేహితుల వేళ. ఆఫీసు వేళ మొదలయ్యాక, నేరుగా ఆయన నంబరుకే పంపాలి. సరఫరాదారులందరూ ఉన్న గ్రూపులో పెడితే మిగతావాళ్ళు పోటీపడి పూలగుత్తుల బొమ్మలు దించుతారు. ఆయన "థాంక్స్" అంటే అక్కడితో ఆపేయండి, దాన్ని పట్టుకుని మాట సాగదీయకండి.

కొటేషన్ ఆయన బల్లమీద ఉన్న రోజుల్లో కేకు, స్వీట్ల పెట్టె లాంటివేవీ వద్దు. ఖాతాదారు ప్రభుత్వ శాఖో ప్రభుత్వ రంగ సంస్థో అయితే ఎప్పుడూ వద్దు.

ఇక మార్చి బిల్లు. నమోదైన చిన్న పరిశ్రమకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. అది దయ తలచి ఇచ్చేది కాదు. రెండు రోజులాగి, ఇన్‌వాయిస్ నంబరు, తేదీ వేసి అకౌంట్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. మేనేజర్ గారికి ఒక కాపీ చాలు.