తీర్పు రాని కేసుకు లెక్క ఎలా?

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఉందనుకుందాం. నిల్వ ఉంచిన మిర్చి పాడైందని రైతులు 2 కోట్ల రూపాయల పరిహారానికి దావా వేశారు. మార్చి 31 నాటి ఖాతాల్లో ఏం రాయాలి?

ఇండ్ ఏఎస్ 37 ముందుగా చూసేది, డబ్బు కట్టాల్సి వచ్చే అవకాశం రాకపోయే అవకాశం కంటే ఎక్కువా అని. ఓడిపోయేలా ఉన్నాం, సుమారు 80 లక్షలు పడుతుందని లాయరు చెబితే, ఆ 80 లక్షలకు ప్రొవిజన్ పెట్టాలి. దావాలో అడిగిన 2 కోట్లకు కాదు. గెలుపు వైపే మొగ్గున్నా ఓటమిని కొట్టిపారేయలేకపోతే నోట్‌లో వెల్లడిస్తే సరిపోతుంది. ఆ అవకాశం మరీ తక్కువైతే ఏమీ రాయనక్కర్లేదు.

‘తీర్పు రానీ, చూద్దాం’ అనే యజమానులు ఉంటారు. ఆ మాట చెల్లదు. బోర్డు ఖాతాలను ఆమోదించేలోపు, మే నెలలో, 95 లక్షలు కట్టమని తీర్పొచ్చి, అప్పీలుకు వెళ్లకపోతే మార్చి లెక్కనే 95 లక్షలకు సవరించాలి.