పాస్‌వర్డ్ మార్చినా దొంగ లోపలే ఎందుకుంటాడు?

వడ్డాది సెంటర్లో ఒక ఫొటో స్టూడియో ఉందనుకుందాం. పెళ్లిళ్ల వీడియోలు, జాతర వీడియోలు పెట్టే యూట్యూబ్ చానల్ దానికొకటి ఉంది. ఒక రాత్రి చానల్ పేరు మారిపోయింది. మనవాళ్ల వీడియోలు మాయమై, క్రిప్టో నాణేల గురించి ఎవరో ఇంగ్లిషులో మాట్లాడే లైవ్ మొదలైంది. యజమాని వెంటనే పాస్‌వర్డ్ మార్చాడు. అయినా కాసేపటికి మళ్లీ లైవ్ వచ్చింది. ఈ స్టూడియో నా ఊహే. ఇలాంటి దాడి మాత్రం ఊహ కాదు. 2024 సెప్టెంబర్ 20న సాక్షాత్తూ సుప్రీంకోర్టు యూట్యూబ్ చానల్‌లోనే క్రిప్టో వీడియో కనిపించింది. పాస్‌వర్డ్ మార్చాక కూడా దొంగ ఎలా మిగిలాడన్న ప్రశ్న పట్టుకుంటే, ఖాతాను తిరిగి తెచ్చుకునే పనుల వరుస దానంతట అదే బయటపడుతుంది.

వెబ్‌కు పుట్టుకతోనే మతిమరుపు. మీరు ఒక పేజీ అడుగుతారు, సర్వర్ ఇస్తుంది, వెంటనే మిమ్మల్ని మరిచిపోతుంది. తర్వాతి పేజీ అడిగింది మీరో కాదో దానికి తెలియదు. ఈ చిక్కు విప్పడానికి 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటులీ 'కుకీ'ని కనిపెట్టాడు. మీరు పాస్‌వర్డ్, ఆపై ఓటీపీ ఇచ్చి లాగిన్ కాగానే సర్వర్ మీ బ్రౌజర్‌కు పొడవాటి గుర్తుసంఖ్య ఒకటి ఇస్తుంది. ఆ తర్వాత ప్రతిసారీ బ్రౌజర్ ఆ సంఖ్య చూపిస్తుంది, సర్వర్ తలుపు తీస్తుంది. గుడి దగ్గర చెప్పుల స్టాండు టోకెన్ సరిగ్గా ఇలాంటిదే. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వారివి. స్టాండు దగ్గర కూర్చున్నవాడు మీ ముఖం చూడడు, పేరడగడు. అలాగే కుకీ ఎవరి దగ్గరుంటే ఖాతా వారిది. పాస్‌వర్డూ ఓటీపీ టోకెన్ పుట్టకముందు జరిగే తతంగం. పుట్టాక దాన్ని కాపీ చేసుకున్నవాడికి వాటితో పనే లేదు. 'నాకు రెండంచెల రక్షణ ఉంది, నన్నేం చేస్తారు' అనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది.

ఈ సంగతిని పెద్ద పెద్ద సంస్థలే చాలాకాలం పట్టించుకోలేదు. లాగిన్ పేజీని మాత్రం గుప్తలిపిలో పంపి, మిగతా పేజీలను బహిరంగంగా పంపేవారు. అంటే పాస్‌వర్డ్‌ను దాచి, టోకెన్‌ను అందరి ముందూ ఊపుకుంటూ తిరిగారన్నమాట. 2010 అక్టోబర్‌లో ఎరిక్ బట్లర్ 'ఫైర్‌షీప్' అనే చిన్న ఉపకరణం విడుదల చేశాడు. అదే వైఫైలో ఉన్న పక్కవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క క్లిక్కుతో దూరవచ్చని లోకానికి చూపించాడు. అప్పుడుగానీ చాలా కంపెనీలు కదలలేదు. ఇప్పుడు దారిలో కాజేయడం కష్టం కాబట్టి, దొంగలు కంప్యూటర్‌లోకే వస్తున్నారు. 2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ సెబాస్టియన్ చానల్‌కు జరిగింది అదే. కోటిన్నర మంది చందాదారులున్న టెక్నాలజీ చానల్ అది. స్పాన్సర్‌షిప్ ప్రతిపాదనలా వచ్చిన ఫైలును ఉద్యోగి ఒకరు తెరిచారు. అది పీడీఎఫ్ కాదు, బ్రౌజర్‌లోని టోకెన్లను ఊడ్చుకుపోయే ప్రోగ్రామ్. కంప్యూటర్ల గురించి లోకానికి పాఠాలు చెప్పే మనిషే ఆ రాత్రి ఒక లైవ్ ఆపితే మరొకటి పుట్టడం చూస్తూ తంటాలు పడ్డాడు. మన ఊళ్లలో ఇదే పురుగు 'క్రాక్' చేసిన ఫొటోషాప్‌తోపాటు కూడా రావచ్చు.

మరి దొంగ దూరాడని ముందే ఎలా కనిపెట్టాలి? చానల్ పేరు మారడం ఆఖరి లక్షణం. తొలి లక్షణాలు చప్పుడు చేయవు. రావలసిన మెయిళ్లు రాకపోవడం, మీరు పెట్టని ఫిల్టర్ ఒకటి భద్రతా హెచ్చరికలను నేరుగా చెత్తబుట్టకు పంపుతుండడం, రికవరీ ఫోన్ నంబరు చివరి అంకెలు మీవి కాకపోవడం. గూగుల్ ఖాతాలో Your devices అనే పేజీ చూడమని అందరూ చెబుతారు. చూడాల్సిందే, కానీ అది రెండు విధాల తప్పుదారి పట్టించగలదు. మొబైల్ డేటా వాడేవారి ఐపీ చిరునామాను కంపెనీ ఎక్కడో పెద్ద నగరం నుంచి చూపిస్తుంది. కాబట్టి వడ్డాదిలో కూర్చున్నవారికి 'హైదరాబాద్' అని కనిపిస్తే అంతమాత్రాన దొంగ వచ్చినట్టు కాదు. రెండోది ఇంకా ప్రమాదం: కాపీ చేసిన టోకెన్ మీ సొంత కంప్యూటర్ పేరుతోనే కనిపించవచ్చు. జాబితా శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండలేం.

ఇక వరుస. డబ్బు పోయి ఉంటే అన్నిటికంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అక్కడ నిమిషాలు లెక్క. తర్వాత అనుమానమున్న కంప్యూటర్‌ను నెట్ నుంచి తప్పించాలి. దానిమీదే పాస్‌వర్డ్ మార్చితే కొత్తది కూడా దొంగకే చేరుతుంది. స్టూడియో యజమాని చేసిన పొరపాటు ఇదే. పురుగు పట్టని వేరే పరికరం తీసుకుని, ముందు మెయిల్ ఖాతాను చేతికి తెచ్చుకోవాలి, ఎందుకంటే మిగతా ఖాతాలన్నిటి తాళాలూ ఆ మెయిల్‌కే వస్తాయి. అక్కడ పాస్‌వర్డ్ మార్చి, ఆ వెంటనే అన్ని పరికరాలనూ, మీవి కూడా కలిపి, సైన్‌ అవుట్ చేయాలి. టోకెన్ చచ్చేది ఈ రెండో పనితోనే. గూగుల్‌లో పాస్‌వర్డ్ మార్చగానే చాలా చోట్ల దానంతటదే సైన్‌ అవుట్ అవుతుంది గానీ, మీ గుర్తింపు ధ్రువీకరణకు వాడే పరికరాలు, మీరు అనుమతి ఇచ్చిన కొన్ని బయటి యాప్‌లు మినహాయింపు. ఫేస్‌బుక్ అయితే మిగతా చోట్ల సైన్‌ అవుట్ చేయాలా వద్దా అని మిమ్మల్నే అడుగుతుంది. అప్పుడు 'లాగిన్‌లోనే ఉంచు' అని నొక్కేశారా, దొంగను మీరే అట్టిపెట్టుకున్నట్టు. ఆ తర్వాత రికవరీ నంబరు, రికవరీ మెయిల్, దొంగ చేర్చిన పాస్‌కీలు, ఫిల్టర్లు, బయటి యాప్‌ల అనుమతులు ఒక్కొక్కటే తీసేయాలి. రెండంచెల రక్షణను మళ్లీ కట్టడం ఈ ఊడ్పు అయ్యాకే. ముందే కడితే దొంగ వదిలిన దొడ్డిదారి తెరిచే ఉంటుంది. యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల వంతు ఆ తర్వాతే వస్తుంది.

పాస్‌వర్డే దొంగ మార్చేసి ఉంటే ఎలా అని అడగొచ్చు. అప్పుడు g.co/recover తెరవాలి. దొంగ రికవరీ నంబరు మార్చినా, పాత నంబరుకు కోడ్ తెప్పించుకునే అవకాశం గూగుల్ 7 రోజులవరకు ఇస్తుంది. అందుకే 'ఆదివారం తీరిగ్గా చూద్దాం' అనడం ఖరీదైన మాట. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. మీరు మామూలుగా వాడే పరికరం, మామూలుగా ఉండే చోటు నుంచి ప్రయత్నిస్తే గూగుల్ త్వరగా నమ్ముతుంది, నేనేమో వేరే పరికరం వాడమన్నాను. పురుగు స్టూడియో కంప్యూటర్‌లో ఉంటే మీ ఇంట్లో రోజూ వాడే ఫోను రెండు షరతులకూ సరిపోతుంది. అయితే వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు ఏదైనా అందులో ఎక్కించి ఉంటే ఆ ఫోనును కూడా నమ్మకూడదు. అలాంటివి ఎస్ఎంఎస్‌లను చదివి ఓటీపీలను కూడా పంపేస్తాయి.

టోకెన్‌ను కంప్యూటర్‌లోని చిప్‌కు ముడివేసి, కాపీ చేసినా పనిచేయకుండా చేసే పద్ధతిని క్రోమ్ బృందం 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. చెప్పుల టోకెన్‌కు వేలిముద్ర జోడించడం లాంటిది. కుకీ పుట్టిన 30 ఏళ్లకు వచ్చిన ప్రకటన ఇది, నాకైతే ఇంత ఆలస్యం క్షమించరానిదిగా తోస్తుంది. అది అన్ని వెబ్‌సైట్లకూ చేరేదాకా స్టూడియో కంప్యూటర్‌ను వైరస్ స్కాన్‌తో సరిపెట్టకుండా, ఫొటోలు విడిగా దాచుకుని, విండోస్‌ను పూర్తిగా తుడిచి మళ్లీ ఎక్కించిన తర్వాతే అందులో తిరిగి లాగిన్ కావాలి.