8.25 పెద్దదా, 8.3 పెద్దదా?

నాచారంలో మా ఇంటి బల్ల మీద ఆరో తరగతి లెక్కల వర్క్‌షీటు ఒకటి ఉంది. మనవరాలిది. అందులో ఒక ప్రశ్న: ఈ సంఖ్యలను ఆరోహణ క్రమంలో రాయండి: 0.4, 0.35, 0.125, 0.08. అమ్మాయి రాసిన వరుస ఇది: 0.4, 0.08, 0.35, 0.125. దాని పక్కన ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు.

ఆ వరుసను ఒక్క నిమిషం నిదానంగా చూడండి. పాయింటునూ దాని ముందున్న సున్నానూ చేత్తో మూసి చదివితే 4, 8, 35, 125 అని కనిపిస్తుంది. చక్కటి ఆరోహణ క్రమం! అంటే పిల్ల తోచినట్టు రాయలేదు. ఒకటో తరగతి నుంచి నేర్చుకున్న నియమాన్ని శ్రద్ధగా పాటించింది. అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది. 125 ముందు 35 ఎంత, 35 ముందు 4 ఎంత? అయిదేళ్లపాటు ఒక్కసారి కూడా తప్పని నియమం అది. పాయింటు వచ్చిన రోజున అది చెల్లదని ఎవరూ గట్టిగా చెప్పకపోతే పిల్లలు దాన్ని ఎందుకు వదులుకుంటారు?

"తాతయ్యా, ముప్పై అయిదు నాలుగు కంటే పెద్దది కదా?" అంది. అక్కడే ఉంది అసలు సంగతి. మనమంతా 0.35ను "సున్నా పాయింట్ ముప్పై అయిదు" అని చదువుతాం. అలా చదివితే చెవికి ముప్పై అయిదే వినిపిస్తుంది. "సున్నా పాయింట్ మూడు అయిదు" అని చదవడం అలవాటు చేస్తే సగం చిక్కు మొదట్లోనే విడిపోతుంది.

మిగతా సగానికి మన బజారు కారణం. 1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి నూరు నయా పైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి పదహారు అణాలు ఉండేవి. అప్పటి నుంచీ ధరలో పాయింటు తర్వాత ఎప్పుడూ రెండంకెలే రాస్తున్నాం. మూడున్నర రూపాయలను 3.50 అంటాం గానీ 3.5 అని బిల్లు మీద ఎవరూ రాయరు. కిరాణా దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా మీద పావు కిలో పప్పు పెడితే 0.250 అని చూపిస్తుంది. అర కిలో అయితే 0.500. అక్కడ ఎప్పుడూ మూడంకెలే. పైసలు రెండంకెలు, గ్రాములు మూడంకెలు కావడంతో పాయింటు తర్వాత అంకెలు హెచ్చుతగ్గులుగా ఉన్న రెండు సంఖ్యలు పిల్లల కంట పడే సందర్భమే బజారులో రాదు. పైగా 0.250ని "రెండు వందల యాభై గ్రాములు" అని మామూలు సంఖ్యలాగే చదివేస్తాం. బజారు లెక్కలో ఇది తప్పు కాదు, చక్కగా పనిచేస్తుంది కూడా. వర్క్‌షీటులో 0.4, 0.35 పక్కపక్కన వచ్చి నిలబడినప్పుడే దెబ్బతింటుంది.

అయితే ఇలాంటి రెండు సంఖ్యలు పక్కపక్కన కనిపించే చోటు ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. ఉప్పల్ స్టేడియం. 2024 మే 8న అక్కడ సన్‌రైజర్స్ హైదరాబాద్‌కూ లక్నో జట్టుకూ ఐపీఎల్ మ్యాచ్ జరిగింది. లక్నో 20 ఓవర్లలో 165 పరుగులు చేసింది. 165ను 20తో భాగిస్తే 8.25. అది లక్నో రన్‌రేటు. హైదరాబాద్ గెలవాలంటే 166 కావాలి. 166ను 20తో భాగిస్తే 8.3. అది హైదరాబాద్‌కు కావలసిన రన్‌రేటు.

మనవరాలిని అడిగాను. "8.25 పెద్దదా, 8.3 పెద్దదా?" అంకెలు ఎక్కువున్నది కాబట్టి 8.25 అంది. "అయితే 165 పరుగులు 166 కంటే ఎక్కువన్నమాట!" అన్నాను. పెన్సిలు ఆగిపోయింది. ఓవర్లు రెండు జట్లకూ ఇరవయ్యే. గెలవడానికి ఒక పరుగు ఎక్కువే కావాలి కాబట్టి రేటు కూడా ఎక్కువే ఉండి తీరాలి. అంచేత 8.3 పెద్దది. ఇది తాతయ్య చెప్పిన సూత్రం కాదు, పరుగులే చెబుతున్న మాట. తన నియమానికీ తనకు బాగా తెలిసిన లెక్కకూ పొసగని చోటును పిల్ల తన కళ్లతో చూడాలి. చూస్తేనే నియమం కదులుతుంది.

కదిలాక దాని చోట ఏం పెట్టాలి? దర్జీ టేపు తీశాను. అందులో నూరు సెంటీమీటర్లు, అంటే ఒక మీటరు, మన 'ఒకటి' అనుకుందాం. దాన్ని పది సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 10 సెంటీమీటర్లు. ఇది దశాంశం, పదో వంతు. ఆ ముక్కను మళ్లీ పది చేస్తే 1 సెంటీమీటరు, అది శతాంశం. దాన్నీ పది చేస్తే 1 మిల్లీమీటరు, అది సహస్రాంశం. ఇప్పుడు 0.4 అంటే నాలుగు పెద్ద ముక్కలు, 40 సెంటీమీటర్లు. 0.35 అంటే మూడు పెద్ద ముక్కలూ అయిదు సెంటీమీటర్లూ, మొత్తం 35. ఇక 0.125 అంటే ఒక పెద్ద ముక్క, రెండు సెంటీమీటర్లు, అయిదు మిల్లీమీటర్లు, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లే. 0.08లో పెద్ద ముక్క ఒక్కటీ లేదు, ఎనిమిది సెంటీమీటర్లతో సరి. టేపు మీద వేలు పెట్టి చూస్తే వరుస దానంతటదే వస్తుంది: 0.08, 0.125, 0.35, 0.4. అమ్మాయి రాసిన వరుసలో చివర ఉన్న 0.125 ఇక్కడ రెండో స్థానానికి వచ్చింది, మొదట ఉన్న 0.4 చివరికి వెళ్లింది.

ఇంత తేడా ఎందుకొచ్చింది? మామూలు సంఖ్యలో 3 పక్కన 5 రాస్తే 35 అవుతుంది. ఆ 5 వచ్చి కూర్చోగానే 3 ఒకట్ల స్థానం నుంచి పదుల స్థానానికి జరుగుతుంది, దాని విలువ పది రెట్లవుతుంది. సంఖ్య పెరగడానికి అసలు కారణం కొత్తగా వచ్చిన 5 కాదు, జరిగిన 3. పాయింటు తర్వాత అలా జరగదు. 0.3 పక్కన 5 రాసి 0.35 చేసినా 3 ఉన్న చోటే ఉంటుంది. అది అప్పుడూ మూడు పదో వంతులే, ఇప్పుడూ మూడు పదో వంతులే. స్థానాలను పాయింటు నుంచి లెక్కపెడతాం కాబట్టి కుడివైపు ఎన్ని అంకెలు చేర్చినా ఎడమవైపు అంకె కదలదు. కొత్త అంకె తన చిన్న విలువను మాత్రమే కలుపుతుంది.

అలా చిన్నచిన్నవి కలుపుకుంటూ పోతే 0.3 ఎప్పుడైనా 0.4ను దాటుతుందా? టేపు మీద చూద్దాం. 30 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి తొమ్మిది సెంటీమీటర్లు కలిపితే 39. తొమ్మిది మిల్లీమీటర్లు కలిపితే 39.9. ఇంకా తొమ్మిదులు పేర్చినా 40 గీతకు దగ్గరవుతామే గానీ దాటలేం. అందుకే రెండు సంఖ్యలను పోల్చేటప్పుడు ఎడమ నుంచి ఒక్కొక్క స్థానమే చూస్తూ పోవాలి. మొదట తేడా వచ్చిన చోటే తీర్పు. 8.25లో పదో వంతులు రెండు, 8.3లో మూడు. ఆ వెనక ఏముందో చూడనక్కరలేదు.

ఇక్కడ టీచర్లకూ అమ్మానాన్నలకూ ఒక మాట చెప్పాలి. చాలామంది "చివర సున్నాలు పెట్టి అంకెలు సమానం చెయ్యి, తర్వాత పోల్చు" అని నేర్పుతారు. 0.4ను 0.400 చేస్తే, 0.125 కంటే పెద్దదని వెంటనే తెలుస్తుంది. జవాబు సరైనదే, మార్కులూ వస్తాయి. కానీ లోపల పిల్ల 400నూ 125నూ పోల్చుకుంది, అంటే పాత నియమాన్నే వాడింది. అది పోయిందో లేదో తెలియాలంటే "0.4 పెద్దదా, 0.40 పెద్దదా?" అని అడగండి. 0.40 పెద్దదని జవాబొస్తే పదో వంతు అంటే ఏమిటో ఇంకా పట్టుబడలేదన్నమాట. సున్నాలు చేర్చే చిట్కా టేపు తర్వాత రావాలి, ముందు కాదు.

ఈ పొరపాటు మన పిల్లలదే కాదు. ఫ్రాన్స్‌లో సాకుర్-గ్రిస్వార్, లెయొనార్ అనే పరిశోధకులు 1985లో పిల్లల తప్పుల వెనక మూడు నియమాలు గుర్తించారు. 1989లో లారెన్ రెస్నిక్ బృందం ఫ్రాన్స్, ఇజ్రాయెల్, అమెరికా పిల్లల్లోనూ ఇలాంటివే చూసింది. మొదటి నియమం మా మనవరాలిది. రెండోది కూడా అదే, కాకపోతే పాయింటు పక్కనే సున్నా ఉంటే చిన్నదని తెలిసిన పిల్లలది. వాళ్లు మన నాలుగు సంఖ్యలను 0.08, 0.4, 0.35, 0.125 అని రాస్తారు. మూడోది పూర్తిగా తలకిందులు. సహస్రాంశాలు చాలా చిన్నవి కాబట్టి అంకెలు ఎక్కువున్న సంఖ్యే చిన్నది అనుకునే పిల్లలు 0.125, 0.08, 0.35, 0.4 అని రాస్తారు. ముక్క చిన్నదన్న మాట నిజమే, కానీ ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడటం మరిచిపోతారు. మూడు తప్పులూ మూడు వేరువేరు వరుసలు. మూడో రకం పిల్లలకు 0.4, 0.35 ఇస్తే సరిగ్గానే చెబుతారు, అందుకే వాళ్లను గుర్తుపట్టడం మరీ కష్టం.

అందువల్ల వర్క్‌షీటు తయారు చేసేవారు సంఖ్యలు ఏరుకునేటప్పుడు జాగ్రత్తపడాలి. 0.5, 0.62, 0.785 ఇచ్చి ఆరోహణ క్రమం అడిగితే, "అంకెలు ఎక్కువుంటే పెద్దది" అనుకునే పిల్లకు పూర్తి మార్కులు వస్తాయి. 0.41, 0.67, 0.83 లాగా అన్నీ రెండంకెలవే ఇచ్చినా అంతే. అలాంటి ప్రశ్నలు పది ఇస్తే తప్పు నియమం పదిసార్లు మెప్పు పొంది గట్టిపడుతుంది.

ఉప్పల్ మ్యాచ్‌లో ఇంకో చిక్కు ఉంది, క్రికెట్ చూసే పిల్లల కోసం అదీ చెప్పాలి. హైదరాబాద్ ఆ రోజు ఒక్క వికెట్టూ పోకుండా 9.4 ఓవర్లలో 167 కొట్టింది. ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఇద్దరే ముగించారు. ఈ 9.4లో ఉన్నది దశాంశ బిందువు కాదు. తొమ్మిది ఓవర్లూ నాలుగు బంతులూ అని చెప్పే చుక్క. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి 9.5 తర్వాత వచ్చేది 10. తొమ్మిదిన్నర ఓవర్లంటే 9.3. క్యాలిక్యులేటర్‌లో 167ను 9.4తో భాగిస్తే 17.77 వస్తుంది, అది తప్పు. మొత్తం 58 బంతులు కాబట్టి 167ను 58తో భాగించి ఆరుతో హెచ్చించాలి, 17.28 వస్తుంది. పాఠ్యపుస్తకంలో 2.9 అభ్యాసం తర్వాత 2.10 రావడమూ ఇలాంటిదే. అక్కడ చుక్క అధ్యాయాన్నీ అభ్యాసాన్నీ వేరు చేస్తుంది, అంతే. దశాంశంగా చూస్తే 2.10 అంటే 2.1, అది 2.9 కంటే చిన్నది. చుక్క కనిపించిన ప్రతిచోటా దాని కుడివైపున్నవి పదో వంతులేనా, బంతులా, అభ్యాసాల వరుసా అని ముందు అడిగి తెలుసుకోవాలి.

మీ ఇంట్లో ఆరో ఏడో తరగతి పిల్లలుంటే ఈ సాయంత్రం ఈ నాలుగు సంఖ్యలు కాగితం మీద రాసి ఇవ్వండి: 0.6, 0.57, 0.409, 0.07. చిన్నదాని నుంచి పెద్దదానికి రాయమనండి. సరైన వరుస 0.07, 0.409, 0.57, 0.6. వేరే వరుస వస్తే వెంటనే తప్పని కొట్టేయకండి. అలా ఎందుకు రాశావని అడిగి, పూర్తిగా విని, ఆ తర్వాత టేపు తీయండి.