మొదటి 15 సినిమాలు

1997లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన ఈచ్‌మూవీ అనే సినిమా సలహాల సేవను మూసేసింది. అక్కడ పోగైన రేటింగులతో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గ్రూప్‌లెన్స్ పరిశోధకులు మూవీలెన్స్‌ను మొదలుపెట్టారు. అభిరుచుల్లో మనకు దగ్గరగా ఉన్నవాళ్లు మెచ్చినవాటిలోంచి, మనం చూడనివాటిని ఏరి చూపించడం దాని పని. మరి అప్పుడే ఖాతా తెరిచిన మనిషిని ఎవరితో పోల్చాలి? అందుకే ముందు కనీసం 15 సినిమాలకు రేటింగ్ ఇమ్మని అడిగేది.

ఏ సినిమాల గురించి అడగాలన్నదే అసలు చిక్కు. నూటికి 95 మంది మెచ్చిన సినిమా ఒకటి ఉందనుకుందాం. కొత్తవాడికీ నచ్చిందని తెలిస్తే అతని గురించి కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. సగం మంది మెచ్చి, సగం మంది తిట్టిన సినిమా అయితే, అతనిచ్చే ఒక్క జవాబుతో ఏ పక్షమో తేలిపోతుంది. ఈ అభిప్రాయ భేదాన్ని ఎంట్రోపీ అనే కొలతతో లెక్కిస్తారు. కానీ వెయ్యిమందిలో ఇద్దరే చూసి, ఆ ఇద్దరూ తగువు పడిన సినిమాకూ ఎంట్రోపీ ఎక్కువే వస్తుంది. అలాంటివే వరుసగా అడిగితే, చూడలేదంటూ పేజీలు తిప్పి తిప్పి కొత్తవాడు విసిగి వెళ్లిపోతాడు. 2002లో గ్రూప్‌లెన్స్ బృందం సినిమాలను ఎంచుకునే పద్ధతులను పోల్చి చూసినప్పుడు ఎంట్రోపీ ఒక్కటే వాడే పద్ధతి బాగా వెనకబడింది. ఎంతమంది చూశారన్నదాన్నీ దానితో కలిపి లెక్కేస్తే ఫలితం మెరుగైంది.

తర్వాత 2015లో ఆ బృందమే ఇంకో దారి చూపింది. సినిమాలను ఒక్కొక్కటిగా కాకుండా గుంపులుగా చూపి, నచ్చిన గుంపులకు కొన్ని పాయింట్లు పంచమంది. చేరడానికి పట్టే సమయం సగానికన్నా తక్కువకు తగ్గింది. పాయింట్లు పడిన గుంపులను బాగా ఇష్టపడే పాత సభ్యుల రేటింగుల సగటునే కొత్తవాడి చరిత్రగా అరువు తెచ్చి, మొదటి పేజీ తయారుచేస్తారు.

నాకు ఆసక్తిగా అనిపించేది ఈ అరువు చరిత్రే. హాస్యానికి పాయింట్లన్నీ ఇచ్చిన మనిషికి మొదటి పేజీలో హాస్య చిత్రాలే ఎక్కువ కనిపిస్తాయి. అతను రేటింగ్ ఇచ్చేవీ అవే. యంత్రానికి తిరిగి చేరే సాక్ష్యమంతా హాస్యం గురించే కనుక, అతనికి యుద్ధ చిత్రాలూ ఇష్టమేనన్న సంగతి బయటపడే అవకాశమే రాదు. చూపించినవాటిపై అంచనాలు సరిగ్గా కుదిరాయని సంతోషిస్తే ఈ లోపం దొరకదు. ఎంచుకోని గుంపుల్లోంచి ఒకటి రెండు సినిమాలు కావాలని మధ్యలో పెట్టి, వాటికి యంత్రం వేసిన అంచనాను అతనిచ్చిన రేటింగ్‌తో పోల్చాలి. అంచనా 2, అతనిచ్చింది 5 అని పదేపదే వస్తుంటే, అరువు తెచ్చిన సగటును పక్కనపెట్టి అతని సొంత రేటింగుల మీదే లెక్క నడపాల్సిన సమయం వచ్చినట్టే.